బ్యాటరీని తినేది 120 హెర్ట్జా, చిన్న అక్షరమా?

ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోన్‌లో వార్త చదివే అరవై ఏళ్ల మనిషిని కాసేపు గమనించండి. ముందు ఫోన్‌ను కళ్లకు దగ్గరగా తెచ్చుకుంటారు. తర్వాత చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూస్తారు. రెండూ కుదరక, తెరను పైనుంచి కిందికి లాగి బ్రైట్‌నెస్ గీతను కుడి చివరిదాకా జరుపుతారు. అప్పుడు అక్షరం కనబడుతుంది. ఇంటికి చేరాక కూడా ఆ గీత అక్కడే ఉండిపోతుంది. సాయంత్రానికి బ్యాటరీ అడుగంటితే ఇంట్లో కుర్రవాళ్లు ఫోన్ తీసుకుని, "120 హెర్ట్జ్ పెట్టుకున్నారు కదా, అందుకే" అని 60కి మార్చి ఇచ్చేస్తారు. అక్షరం మాత్రం ఎప్పటిలాగే చిన్నగా ఉంటుంది. గీత ఎప్పటిలాగే చివర్లో ఉంటుంది. మర్నాడు సాయంత్రం మళ్లీ అదే టెన్షన్.

స్క్రీన్ గురించి మాట్లాడేటప్పుడు ఈ 120, 60 అంకెలు చెప్పే రిఫ్రెష్ రేట్, ఫోన్ వాడనప్పుడూ గడియారం చూపించే ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే అనే రెండు పేర్లు బ్యాటరీ దొంగలుగా వెంటనే వినబడతాయి. అక్షరం సైజు ఆ జాబితాలో ఉండదు, ఎందుకంటే అది నేరుగా కరెంటు తినదు. కానీ అక్షరం ఎంత చిన్నదైతే అంత వెలుగు కావాలి, వెలుగు మాత్రం బ్యాటరీని గట్టిగా తింటుంది. తెలుగు చదివేవాళ్లకు ఈ లింకు ఇంగ్లిష్ చదివేవాళ్ల కంటే ఎక్కువగా వర్తిస్తుంది. మూడింటినీ ఒకే కొలబద్ద మీద పెట్టి చూస్తే ఏది ఎంతో తేలిపోతుంది.

కొలబద్ద కోసం ఒక మామూలు ఫోన్‌ను ఎదురుగా పెట్టుకుందాం. 6.7 అంగుళాల అమోలెడ్ స్క్రీన్, 120 హెర్ట్జ్, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ. మధ్యస్థ ధరలో దొరికే ఫోన్లలో చాలావాటికి ఇవే లెక్కలు. ఇలాంటి బ్యాటరీ వోల్టేజీ సగటున 3.85 ఉంటుంది కాబట్టి అందులో నిల్వ ఉండే శక్తి సుమారు 19 వాట్-అవర్లు. అంటే 1 వాట్ తినే వస్తువును 19 గంటలు నడపగలదు. అందులో ఒక శాతం అంటే 0.19 వాట్-అవర్. ఫోన్‌లో ఏదైనా 0.19 వాట్ అదనంగా తింటుంటే గంటకు ఒక శాతం పోతుందన్నమాట. ఈ ఒక్క అంకె గుర్తుంటే కింది లెక్కలన్నీ సులువుగా అర్థమవుతాయి. వాట్లలో ఇచ్చిన విలువలు ఈ ఊహా ఫోన్‌కు వేసిన ఉజ్జాయింపులే. ఫోన్‌ను బట్టి అవి అటూ ఇటూ అవుతాయి, కానీ దేని ముందు ఏది చిన్నదో పెద్దగా మారదు.

120 అంకె వెనుక జరిగేది

60 హెర్ట్జ్ అంటే తెరను సెకనుకు 60 సార్లు తిరిగి రాయడం. ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీ సెకన్ల గడువు. 120 హెర్ట్జ్‌లో ఆ గడువు 8.3కి తగ్గుతుంది. ఇందులో రెండు వేర్వేరు ఖర్చులున్నాయి, వాటిని కలిపేయడం వల్లే చాలా అపోహలు పుడతాయి.

మొదటిది ప్యానెల్ ఖర్చు. తెర మీద ఉన్న ప్రతి వరుసకూ మళ్లీ మళ్లీ విద్యుత్ సంకేతం పంపాలి. బొమ్మ కదిలినా కదలకపోయినా ఈ పని ఆగదు. రెండోది ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ ఖర్చు. ఇది బొమ్మ మారినప్పుడే పడుతుంది. కదలకుండా ఉన్న పేజీని చదువుతుంటే కొత్త బొమ్మ గీయాల్సిన పనే లేదు, పాతదాన్నే ప్యానెల్ మళ్లీ మళ్లీ చూపిస్తుంది. కాబట్టి 120 హెర్ట్జ్ అసలు బరువు పడేది వేలు తెర మీద కదులుతున్నప్పుడు. రీల్స్ జరుపుతూ పోవడం, వాట్సాప్ గ్రూపులో పైకీ కిందికీ వెతకడం, ఆటలు ఆడటం. వీడియో చూసేటప్పుడు దానితో ఒరిగేది ఏమీ లేదు. సినిమా సెకనుకు 24 బొమ్మలతోనూ, చాలా వీడియోలు 25, 30 లేదా 60తోనూ తయారవుతాయి. ఫోన్ సరిగ్గా రాసిన సాఫ్ట్‌వేర్‌తో వస్తే వీడియో మొదలవగానే అదే 60కి దిగిపోతుంది.

దిగడం అనే మాట దగ్గర కాస్త ఆగాలి. దుకాణంలో ప్రతి పెట్టె మీదా 120 అనే అంకే ఉంటుంది, కానీ ఎంత కిందికి దిగగలదో పెట్టె మీద పెద్దగా రాయరు. ఖర్చు మాత్రం ఆ దిగడం మీదే ఆధారపడుతుంది. అమోలెడ్ తెరలో ప్రతి చుక్క వెనుకా తన వెలుగు ఎంతో గుర్తుపెట్టుకునే చిన్న విద్యుత్ నిల్వ ఉంటుంది. మామూలు ఫోన్లలో వాడే ఎల్‌టీపీఎస్ రకం ప్యానెల్‌లో ఆ నిల్వ చిల్లు కుండ లాంటిది. నీళ్లు కారిపోతుంటాయి కాబట్టి తరచూ నింపుతూ ఉండాలి. నింపడం ఆలస్యమైతే వెలుగు తగ్గి, తెర మినుకుమినుకుమంటుంది. అందుకే అలాంటి ఫోన్ సాధారణంగా 60 దగ్గరే ఆగిపోతుంది. ఎల్‌టీపీఓ రకంలో కారుడు చాలా తక్కువగా ఉండే ఆక్సైడ్ ట్రాన్సిస్టర్లు కలుపుతారు. ఒకసారి నింపితే పూర్తి సెకను నిలబడుతుంది, కాబట్టి తెర 1 హెర్ట్జ్ దాకా దిగగలదు. 2019లో వచ్చిన యాపిల్ వాచ్ సిరీస్ 5 ఎప్పుడూ వెలిగే ముఖంతో వచ్చింది ఈ పద్ధతి వల్లే. ఐఫోన్లలో చూస్తే 2021 నాటి 13 ప్రో 10 హెర్ట్జ్ దాకా, 2022 నాటి 14 ప్రో 1 హెర్ట్జ్ దాకా దిగాయి. ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే ఐఫోన్‌కు వచ్చింది కూడా ఆ 14 ప్రోతోనే. ఆ రెండూ ఒకేసారి రావడం కాకతాళీయం కాదు.

మన ఊహా ఫోన్ ఎల్‌టీపీఎస్ రకం. దాన్ని వాడే మనిషి రోజుకు గంటన్నర ఆగకుండా స్క్రోల్ చేస్తూ, గంటన్నర నిలకడగా చదువుతూ, రెండు గంటలు వీడియోలు చూస్తారనుకుందాం. స్క్రోల్ చేసేటప్పుడు 120కీ 60కీ తేడా 0.4 వాట్ అనుకుంటే గంటన్నరకు 0.6 వాట్-అవర్, అంటే 3 శాతం. చదివేటప్పుడు వేలు తగిలిన రెండు మూడు సెకన్లే 120 ఉండి తర్వాత 60కి దిగుతుంది, ఆ ఖర్చు అర శాతం కూడా కాదు. వీడియోకు సున్నా. మొత్తం మీద రోజుకు మూడున్నర శాతం. ఫోన్‌ను 60కి మార్చేస్తే మిగిలేది ఇంతే. వేలి కింద తెర మెత్తగా జారే సుఖాన్ని రోజంతా వదులుకోవడానికి ఇది చాలా తక్కువ ప్రతిఫలం అని ఈ వ్యాసం అభిప్రాయం.

అయితే ఈ మూడున్నర శాతం లెక్క ఫోన్ నిజంగా దిగుతున్నప్పుడే నిలబడుతుంది. దిగుతోందో లేదో చూడటానికి ఆండ్రాయిడ్‌లో దారి ఉంది. సెట్టింగ్స్‌లో `Build number` మీద ఏడుసార్లు తడితే `Developer options` తెరుచుకుంటుంది. అందులో `Show refresh rate` ఆన్ చేస్తే తెర మూలలో ప్రస్తుత అంకె కనబడుతూ ఉంటుంది. వేలు తీసి ఐదు సెకన్లు ఆగండి. అంకె 120 నుంచి 60కి పడితే అంతా బాగున్నట్టే. పడకపోతే కారణాలు వెతకాలి. కదిలే వాల్‌పేపర్, పేజీ మధ్యలో ఆగకుండా ఆడే ప్రకటన, చాట్‌లో తిరుగుతూ ఉండే స్టిక్కర్ లాంటివి తెరను కదులుతూనే ఉంచుతాయి, ఫోన్ దిగలేదు. కొన్ని కంపెనీల మెనూలో `Adaptive` లాంటి పేరుతో ఒకటి, ఎప్పుడూ 120 పట్టి ఉంచేది ఇంకొకటి ఉంటాయి. ఆ రెండోది ఎంచుకుంటే చదివే గంటన్నర కూడా 120లోనే గడిచిపోతుంది.

ఇంకో కారణం చాలామందికి తెలియదు. చీకట్లో, తక్కువ వెలుగులో రిఫ్రెష్ రేట్ మారినప్పుడు తెర రంగు, వెలుగు లీలగా తుళ్లిపడినట్టు కనబడతాయి. దాన్ని కప్పిపుచ్చడానికి కొన్ని ఫోన్లు ఆ సమయంలో అసలు మార్చడమే మానేస్తాయి. 2019లో గూగుల్ ఫోన్ పిక్సెల్ 4 వచ్చిన కొత్తలో ఈ సంగతి బయటపడింది. బ్రైట్‌నెస్ గీత 75 శాతం కంటే తగ్గితే అది 90 హెర్ట్జ్ వదిలేసి 60కి పోయేది. వేరే ఫోన్లలో దీనికి తలకిందులుగా, చీకట్లో పైస్థాయిలోనే పట్టుబడి ఉండటం కూడా చూశాం. రాత్రి దీపం ఆర్పి చదివే అలవాటున్నవాళ్లు ఆ అంకెను పగలు ఒకసారి, రాత్రి ఒకసారి చూడటం మంచిది.

గడియారం కోసం వెలిగే తెర

ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే విషయం సూటిగా చెప్పుకోవచ్చు. అమోలెడ్‌లో నల్లని చుక్క అంటే ఆరిపోయిన చుక్క. కాబట్టి నల్లని తెర మీద గడియారం అంకెలు మాత్రమే వెలిగితే వెలుగు ఖర్చు స్వల్పం. ఎల్‌సీడీ ఫోన్లలో వెనుక దీపం మొత్తం వెలగాలి కాబట్టి వాటిలో ఈ సదుపాయం దాదాపుగా ఇవ్వరు. కానీ వెలిగే చుక్కలు తక్కువైనా ప్యానెల్‌ను నడిపే చిప్ మేలుకుని ఉండాలి. ఎల్‌టీపీఎస్ తెరకైతే చిల్లు కుండ బాధ ఇక్కడా తప్పదు.

మన ఫోన్‌లో కొలిచి చూశామనుకుందాం. రాత్రి ఎనిమిది గంటలు బల్ల మీద వదిలేస్తే, ఆఫ్‌లో 3 శాతం దిగింది. ఆన్‌లో 7 దిగింది. తేడా 4 శాతం, గంటకు అర శాతం. పగలు జేబులో, బ్యాగులో, బోర్లా పెట్టిన సమయం తీసేస్తే తొమ్మిది గంటలు వెలుగుతుందనుకుంటే నాలుగున్నర శాతం. రాత్రి ఏడు గంటలు నిద్రపోయేటప్పుడు ఇంకో మూడున్నర. మొత్తం రోజుకు 8 శాతం. ఇది 120 హెర్ట్జ్ ఖర్చు కంటే రెట్టింపుకు మించి ఉంది.

ఇక్కడ ఒక వాదన తరచూ వినబడుతుంది. టైమ్ చూడటానికి మాటిమాటికీ ఫోన్ వెలిగించడం తప్పుతుంది కాబట్టి ఆల్వేస్ ఆన్ వల్ల ఆదా అవుతుందని. లెక్క వేసి చూద్దాం. రోజుకు 80 సార్లు, ఒక్కోసారి ఆరు సెకన్లు లాక్ స్క్రీన్ వెలిగించారనుకోండి. మొత్తం 8 నిమిషాలు. అప్పుడు ఫోన్ 1.2 వాట్ తిన్నా అయ్యేది 0.16 వాట్-అవర్, ఒక శాతం లోపే. నాలుగున్నర శాతం పెట్టి ఒక శాతం ఆదా చేసుకోవడం గిట్టుబాటు కాదు. ఈ సదుపాయాన్ని సౌకర్యం కోసం ఉంచుకోవచ్చు. గడియారం పెట్టుకోని మనిషికి, వంటింట్లో పిండి చేతులతో టైమ్ చూసుకోవాల్సిన వాళ్లకు, కేసులు చూస్తూ మధ్యలో ఫోన్ ముట్టుకోలేని డాక్టరుకు అది నిజంగా పనికొస్తుంది. ఆదా కోసం మాత్రం కాదు.

ఉంచుకోదలిస్తే, రాత్రి పూట వెలిగే ఆ ఏడు గంటలు ముందు కోసేయాలి. నిద్రపోయే మనిషి ముందు వెలిగే గడియారం ఎవరికోసం? శామ్‌సంగ్ లాంటి ఫోన్లలో సమయం పెట్టుకునే వీలుంది, తడితేనే కాసేపు కనబడే `Tap to show` పద్ధతి కూడా ఉంది. ఐఫోన్ 14 ప్రోలో మొదట్లో వాల్‌పేపర్ కూడా మసకగా వెలుగుతూ ఉండేది. 2022 డిసెంబరులో వచ్చిన ఐఓఎస్ 16.2 నుంచి వాల్‌పేపర్‌నూ నోటిఫికేషన్లనూ తీసేసి నల్లని తెర మీద గడియారం మాత్రమే ఉంచుకునే అవకాశం ఇచ్చారు. ఆల్వేస్ ఆన్‌లో ఫొటోలు, పెద్ద పూల డిజైన్లు పెట్టుకునేవాళ్లు వెలిగే చుక్కల సంఖ్యను చేజేతులా పెంచుకుంటున్నట్టు.

జేబులో ఉన్నప్పుడు ఆరిపోతుందన్న నమ్మకం కూడా అన్ని ఫోన్లకూ వర్తించదు. దానికి తెరకు దగ్గరగా ఏదైనా ఉంటే పసిగట్టే ప్రాక్సిమిటీ సెన్సర్ సరిగ్గా పనిచేయాలి. తక్కువ ధర ఫోన్లు కొన్నింటిలో విడిగా సెన్సర్ లేకుండా సాఫ్ట్‌వేర్‌తో అంచనా వేస్తారు. చేతిసంచిలో నిలువుగా పెట్టిన ఫోన్ లోపల వెలుగుతూనే ఉండవచ్చు. గదిలో దీపాలార్పి, పల్చని చేతిరుమాలు కప్పి చూస్తే తెలిసిపోతుంది.

అక్షరం చిన్నదైతే వెలుగు పెద్దది కావాలి

ఇప్పుడు అసలు విషయం. కాగితం మీద గుండ్రటి అక్షరంలో చిన్న గీతను చూడాలంటే రెండు మార్గాలు. కాగితాన్ని దీపం కిందికి తేవాలి, లేదా అక్షరాన్ని పెద్దది చేయాలి. కంటికి ఈ రెండూ కొంతవరకు ఒకదానికొకటి బదులు పనిచేస్తాయి. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గే కొద్దీ ఈ బేరం ఇంకా ముఖ్యం. ఫోన్‌లో మొదటి మార్గానికి బ్యాటరీ డబ్బు కడుతుంది. రెండోది దాదాపు ఉచితం.

తెలుగు అక్షరాన్ని దగ్గరగా చూస్తే ఈ బేరం ఎందుకు మనకు ఎక్కువగా తగులుతుందో తెలుస్తుంది. ద, ధ, థ మూడూ ఒకే బొమ్మ. ధలో కింద ఒక చిన్న గీత, థలో లోపల ఒక చుక్క. వ, ప, మ, య ఒకే సున్న చుట్టూ తిరుగుతాయి. వాటి మీద తలకట్టో గుడో గుడిదీర్ఘమో, కింద వత్తు. "రాష్ట్రం", "లక్ష్మి" లాంటి మాటల్లో ఒక అక్షరం కింద ఇంకో రెండు వేలాడతాయి. ఇంగ్లిష్‌లో ఒక వరుసకు సరిపోయే ఎత్తులో ఇవన్నీ ఇమిడిపోవాలి. ఫోన్ తయారీదారు "సాధారణ" సైజుగా పెట్టేది ఇంగ్లిష్‌కు సరిపోయే సైజు. అందులో తెలుగు వత్తు కొన్ని చుక్కల ఎత్తుకు కుదించుకుపోతుంది. ఎత్తైన లిపుల కోసం గూగుల్ కూడా దారి మార్చింది. 2024 నాటి ఆండ్రాయిడ్ 15 నుంచి, ఆ వెర్షన్‌కు తగ్గట్టు రాసిన యాప్‌లలో తెలుగు సహా కొన్ని లిపులకు కుదించిన రూపం బదులు పూర్తి ఎత్తున్న రూపమే మామూలుగా వస్తుంది. పాత యాప్‌లలో మాత్రం ఇరుకు ఇంకా ఉంది.

ఆ ఇరుకులో చదివే మనిషి బ్రైట్‌నెస్ పెంచుతాడు. ఇక్కడ గీత గురించి ఒక నిజం చెప్పుకోవాలి. కంటికి వెలుగు సమానంగా పెరుగుతున్నట్టు కనబడాలని 2018లో ఆండ్రాయిడ్ 9 నుంచి ఆ గీతను కన్ను పనిచేసే తీరుకు తగ్గట్టు వంచారు. గీత సగంలో ఉంటే వెలుగు సగం కాదు, అంతకంటే చాలా తక్కువ. గీత చివరి భాగంలో కొద్దిగా జరిపినా, తెర వెలుగును కొలిచే నిట్స్ భారీగా పెరుగుతాయి. అమోలెడ్‌లో వెలుగు పెరిగే కొద్దీ వాట్లు కూడా ఇంచుమించు అదే దామాషాలో పెరుగుతాయి. కాబట్టి గీతలో ఖరీదైన భాగమంతా కుడి చివరే ఉంది. ఆటో బ్రైట్‌నెస్ పెట్టుకున్నా ఈ బాధ పూర్తిగా తీరదు, ఎందుకంటే చేత్తో ఎక్కడికి జరుపుతున్నామో ఫోన్ నేర్చుకుని, తర్వాత అదే స్థాయికి అదే వెళుతుంది.

దీనికి నమ్మదగిన ఆధారం ఉంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో పిక్సెల్ 2, మోటో జడ్3, పిక్సెల్ 4, పిక్సెల్ 5 ఫోన్ల మీద డార్క్ మోడ్ వల్ల ఎంత మిగులుతుందో కొలిచారు. బ్రైట్‌నెస్ 30 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు మిగిలింది సగటున 3 నుంచి 9 శాతమే. పూర్తి బ్రైట్‌నెస్‌లో అయితే 39 నుంచి 47 శాతం. ఈ ఫలితాన్ని డార్క్ మోడ్‌కు ప్రశంసగా చాలామంది చదివారు. దాన్ని తిప్పి చదివితే ఇంకా పనికొస్తుంది. గీత మధ్యలో ఉన్నప్పుడు తెల్లని పేజీ కూడా పెద్ద ఖర్చు కాదు. గీత చివర్లో ఉన్నప్పుడు ఫోన్ తినేదానిలో దాదాపు సగం ఆ వెలుగే.

మన ఫోన్‌కు వద్దాం. బస్సులో చూసిన పెద్దాయన అక్షరాన్ని 1.3 రెట్లు పెంచి, గీతను చివరి నుంచి మూడింట రెండొంతుల దగ్గరికి దించారనుకుందాం. పూర్తి తెల్లని పేజీ మీద తేడా ఒక వాట్ దాకా ఉండొచ్చు, కానీ అన్ని పేజీలూ తెల్లగా ఉండవు కాబట్టి సగటున అర వాట్ అనుకుందాం. చదివే గంటన్నర, స్క్రోల్ చేసే గంటన్నర కలిపి మూడు గంటలు. మిగిలేది 1.5 వాట్-అవర్లు, అంటే 8 శాతం. 120ని 60 చేస్తే వచ్చేదానికి ఇది రెట్టింపు పైనే.

అక్షరం పెద్దదైతే తెర మీద తక్కువ పట్టి ఎక్కువ స్క్రోల్ చేయాలి కదా, ఆ ఖర్చో? ఇది న్యాయమైన ప్రశ్న. 1.3 రెట్లు పెంచితే అడ్డంగానూ నిలువుగానూ పెరుగుతుంది కాబట్టి తెరకు పట్టే మాటలు దాదాపు 1.7 రెట్లు తగ్గుతాయి. ఇంతకుముందు 20 సెకన్లకోసారి తెర జరిపితే ఇప్పుడు 12 సెకన్లకోసారి జరపాలి. గంటన్నరలో 270 సార్లు కాస్తా 450 అవుతుంది. అదనంగా 180 సార్లు, ఒక్కోసారి రెండు సెకన్లు, మొత్తం 6 నిమిషాలు. ప్రాసెసర్ లేవడంతో కలిపి ఆ సమయంలో ఒక వాట్ ఎక్కువ తింటుందనుకున్నా 0.1 వాట్-అవర్, అంటే అర శాతం. 8 శాతం వస్తుంటే అర శాతం పోతోంది.

సైజు పెంచేటప్పుడు ఒక మెలకువ కావాలి. `Font size` వేరు, `Display size` లేదా `Screen zoom` వేరు. మొదటిది అక్షరాలను మాత్రమే పెంచుతుంది, రెండోది బటన్లు, బొమ్మలు అన్నింటినీ పెంచుతుంది. చదవడానికి మొదటిది చాలు. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14లో అక్షరాన్ని 200 శాతం దాకా పెంచుకోవచ్చు, అప్పటికే పెద్దగా ఉన్న శీర్షికలు మాత్రం అంతగా పెరగకుండా చూసుకుంటుంది. అయినా రెండు రెట్లకు వెళితే కొన్ని చెల్లింపుల యాప్‌లలో బటన్ మీది మాట సగం తెగిపోతుంది, కొన్నిసార్లు బటన్ తెర కిందికి జారిపోతుంది. డబ్బు పంపే చోట అది ప్రమాదం. ఒక్కో మెట్టు పెంచుతూ, రోజూ వాడే చెల్లింపుల యాప్ తెరిచి చూసి, తెగిపోయే మెట్టుకు ఒకటి ముందు ఆగాలి. వాట్సాప్‌లో చాట్ అక్షరాలకు విడిగా `Settings > Chats > Font size` ఉంది, దాన్నీ మార్చుకోవాలి. బోల్డ్ అక్షరాలు కొందరికి సాయం చేస్తాయి. కానీ తెలుగులో చిన్న సైజుతో బోల్డ్ పెడితే థ లోపలి చుక్క, ధ కింది గీత చుట్టూ ఉన్న ఖాళీ పూడుకుపోయి ఇంకా కష్టమవుతుంది. ముందు సైజు, ఆ తర్వాతే బోల్డ్.

డార్క్ మోడ్ విషయంలోనూ ఇదే కన్ను తీర్పు చెప్పాలి. నల్లని తెర మీద తెల్లని సన్న అక్షరం ఆస్టిగ్మాటిజం అనే చూపు లోపం ఉన్న కొందరికి చెదిరినట్టు కనబడుతుంది. వాళ్లు డార్క్ మోడ్ పెట్టి గీతను పైకి జరుపుకుంటే వచ్చింది పోయింది సమానం. ఎండలో అయితే డార్క్ మోడ్ ఎవరికీ పనికిరాదు. తెర మీద పడి తిరిగొచ్చే ఎండ నల్లని భాగాన్ని బూడిద రంగు చేసేస్తుంది, అక్షరం అందులో కలిసిపోతుంది. తెల్లని పేజీ మీద పెద్ద నల్లని అక్షరమే ఎండలో నిలబడుతుంది.

ఎండ మాట వచ్చింది కాబట్టి మే నెల గురించీ చెప్పాలి. రెంటచింతలలోనో రామగుండంలోనో మిట్టమధ్యాహ్నం బస్టాండులో ఫోన్ తీస్తే ఆటో బ్రైట్‌నెస్ తెరను ఇంటి లోపల ఎప్పుడూ చేరని వెలుగుకు తీసుకెళుతుంది. తెర వేడి, ప్రాసెసర్ వేడి, బయటి ఎండ మూడూ కలిసి ఫోన్ కాలుతుంది. కాసేపటికి ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి వెలుగు తగ్గించేస్తుంది, చాలా ఫోన్లు 120 నుంచి 60కి కూడా దిగిపోతాయి. "ఉన్నట్టుండి తెర మసకబారింది, ఫోన్ నెమ్మదించింది" అని సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లేవాళ్లలో కొందరి సమస్య ఇదే. నీడలోకి వెళ్లి పది నిమిషాలు ఆగితే మామూలైతే అది జబ్బు కాదు. కానీ వేడిలో పదేపదే అలా వాడటం బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది. ఆ నష్టం సాయంత్రం శాతంలో కనబడదు, రెండేళ్ల తర్వాత కనబడుతుంది.

ఇంట్లో కొలిచి చూసుకునే పద్ధతి

పై అంకెలు ఒక ఊహా ఫోన్‌వి కాబట్టి సొంత ఫోన్‌ను కొలవడం ఉత్తమం. దానికి పరికరాలు అక్కర్లేదు, ఓపిక కావాలి. ఫోన్ చూపించే శాతం మొరటు కొలత. ఒక అంకె అంటే 0.19 వాట్-అవర్, అంతకంటే చిన్న తేడాలు అందులో కనబడవు. అందుకే పావుగంట వాడి, "రెండు శాతం దిగింది, మునుపు మూడు దిగేది" అని తేల్చడం పొరపాటు. పూర్తి చార్జింగ్ దగ్గర 100 అంకె కాసేపు కదలకుండా కూర్చుంటుంది కాబట్టి 90కి దిగాక మొదలుపెట్టాలి.

ఆల్వేస్ ఆన్‌కు రెండు రాత్రులు చాలు. ఒకే చోట, ఒకే వైఫైతో, పడుకునే ముందు ఒక అంకె, లేచాక ఒక అంకె రాసుకోవాలి. ఒక రాత్రి ఆన్, ఒక రాత్రి ఆఫ్. ఫోన్‌ను బోర్లా పెట్టకూడదు, పెడితే ఆరిపోయి కొలత చెడుతుంది. బ్రైట్‌నెస్‌కు రెండు సాయంత్రాలు కావాలి. ఆటో బ్రైట్‌నెస్ ఆపి, ఒకే గదిలో, ఒకే పత్రిక పేజీలు గంటసేపు చదవాలి. మొదటి రోజు పాత సైజు, పాత గీత. రెండో రోజు పెంచిన సైజుతో, ఇబ్బంది లేకుండా చదవగలిగినంత కిందికి దించిన గీత. ఆ గీత ఎక్కడ ఆగుతుందో ముందే అనుకోకూడదు, పెద్ద అక్షరాల పేజీ తెరిచి, వత్తులు స్పష్టంగా కనబడే దాకా కింది నుంచి పైకి జరుపుతూ రావాలి. పైనుంచి దించుకుంటూ వస్తే ఎక్కువ వెలుగుకు అలవాటైన కన్ను ముందే ఆగమంటుంది.

రిఫ్రెష్ రేట్ కొలవడం ఇంట్లో కష్టం, ఎందుకంటే రెండు రోజులు ఒకేలా స్క్రోల్ చేయడం మనిషికి సాధ్యం కాదు. దాన్ని `Adaptive` మీద వదిలేసి, మూలలోని అంకె 60కి దిగుతోందని ఒకసారి చూసుకుంటే చాలు. రాత్రి ప్రయాణంలో చార్జర్ దొరకనప్పుడు విడిగా మార్చుకోవాల్సిన పని కూడా లేదు. ఐఫోన్‌లో `Low Power Mode` నొక్కితే ప్రో మోడళ్లు 60కి దిగి, ఆల్వేస్ ఆన్ కూడా ఆరిపోతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల పవర్ సేవింగ్ కూడా ఇదే చేస్తుంది. అక్షరం సైజు జోలికి మాత్రం ఆ మోడ్ ఏదీ వెళ్లదు. దాన్ని పెద్దాయన ఫోన్‌లో ఎవరో ఒకరు కూర్చుని, చదివించి చూస్తూ, మెట్టు మెట్టుగా పెంచి పెట్టాల్సిందే.